బాల్కనీకి ఎన్ని సీరియల్ సెట్లు, ఎన్ని ప్లగ్ పాయింట్లు, ఎన్ని టైమర్లు: కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

దీపాలు కట్టడం పూర్తయ్యేసరికి రెండు సెట్లు మిగిలిపోయాయంటే, లేదా చివరి మూరెడు రెయిలింగ్‌కి వైరు చాలలేదంటే, కారణం ఒకటే. ముందు సెట్లు కొనేశారు, తర్వాత వాటికి చోటు వెతికారు. ఈ లెక్కను వెనక నుంచి మొదలుపెట్టాలి. ప్లగ్ పాయింట్ ఎక్కడుందో చూడాలి. వైరు అక్కడి నుంచి ఏ దారిన పోతుందో తేల్చుకోవాలి. ఆ దారి పొడవుకు ఏ సెట్టు సరిపోతుందో అప్పుడు ఎంచుకోవాలి. టైమర్ల సంఖ్య ఆఖర్న దానంతటదే తేలుతుంది.

మాటల్లో చెబితే ఇది గాల్లో లెక్కలా ఉంటుంది కాబట్టి ఒక బాల్కనీని తీసుకుందాం. ముందువైపు 4.2 మీటర్లు, రెండు పక్కలా చెరో 1.4 మీటర్లు. అంటే రెయిలింగ్ మొత్తం 7 మీటర్లు. పైన చేతులానించే పైపు 5 సెంటీమీటర్ల చదరపుది, నేల నుంచి 1.05 మీటర్ల ఎత్తులో ఉంది. పైకప్పు ఎత్తు 2.7 మీటర్లు. ప్లగ్ పాయింట్ ఒక్కటే: ఇంటి గోడకి, తలుపు పక్కన, 1.2 మీటర్ల ఎత్తులో. రెయిలింగ్ ఎడమ కొస గోడను తాకే చోటు నుంచి అది 90 సెంటీమీటర్ల దూరం. మీ కొలతలు వేరుగా ఉంటాయి, కానీ లెక్క నడిచే తీరు ఇదే.

డబ్బా మీది పొడవు, వెలిగే పొడవు

10 మీటర్లని రాసి ఉన్న సెట్టులో వెలిగేది పది మీటర్లే అని అనుకోవద్దు. కొన్ని డబ్బాల మీద ప్లగ్ నుంచి మొదటి బల్బు దాకా ఉండే ఖాళీ వైరును కూడా ఆ పదిలో కలిపేస్తారు. నమ్మదగిన లెక్క బల్బులదే. 100 బల్బులు, బల్బుకీ బల్బుకీ మధ్య 10 సెంటీమీటర్లు అని ఉంటే మధ్యలో 99 ఎడాలు, అంటే 9.9 మీటర్లు వెలుగుతుంది. అవే 100 బల్బులు 5 సెంటీమీటర్ల ఎడంలో ఉంటే వెలుగు 5 మీటర్లకే అయిపోతుంది, కానీ ఒత్తుగా కనిపిస్తుంది. ఖాళీ వైరు ఎంతో డబ్బా మీద విడిగా వెతకండి. ఒకటిన్నర మీటర్ల నుంచి 5 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు. ఎక్స్‌టెన్షన్ కావాలా వద్దా అనేది ఈ ఒక్క అంకె తేలుస్తుంది.

మన బాల్కనీలో రెయిలింగ్ ఎడమ కొస నుంచి మొదలుపెడితే ప్లగ్‌కీ మొదటి బల్బుకీ మధ్య కావాల్సింది అడ్డంగా 90 సెంటీమీటర్ల దారి, 15 సెంటీమీటర్ల ఎత్తు తేడా. దానికి తోడు ప్లగ్ కింద వైరు ఒక వంపు తిరగడానికి 20 సెంటీమీటర్లు. ఆ వంపు అందానికి కాదు. వైరు వెంట జారే వాన నీరు ప్లగ్‌లోకి పోకుండా వంపు అడుగున బొట్లుగా రాలిపోవడానికి. మొత్తం 1.25 మీటర్లు. ఒకటిన్నర మీటర్ల ఖాళీ వైరున్న సెట్టు ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. అదే సెట్టును ముందువైపు నడిమధ్య నుంచి మొదలుపెట్టాలని మనసు పడితే 90 సెంటీమీటర్లకు 1.4 మీటర్లు, ఆ పైన 2.1 మీటర్లు కలుస్తాయి. నాలుగున్నర మీటర్లు దాటుతుంది, ఎక్స్‌టెన్షన్ తప్పదు. మొదలుపెట్టే చోటు మారితే కొనాల్సిన సామానే మారిపోతోంది చూడండి.

వేలాడదీయాలా, చుట్టాలా?

రెయిలింగ్‌కి రెండు పద్ధతులు ఎక్కువగా వాడతారు. ఒకటి తోరణంలా వంపులుగా వేలాడదీయడం. రెండోది పైపు చుట్టూ మెలికలు తిప్పడం. రెండింటికీ ఒకే 10 మీటర్ల సెట్టు సరిపోతుందా అన్నది అసలు ప్రశ్న.

వంపుల లెక్క తేలిక. 7 మీటర్లను 70 సెంటీమీటర్ల చొప్పున పది భాగాలు చేస్తే ముందువైపు ఆరు, పక్కలకు రెండేసి వంపులు వస్తాయి. మూలల దగ్గర సగం వంపు మిగిలే తలనొప్పి ఉండదు. ఒక్కో వంపు నడుమ 12 సెంటీమీటర్లు కిందికి దిగితే 70 సెంటీమీటర్లకు 75 సెంటీమీటర్ల వైరు పడుతుంది. పది వంపులకు ఏడున్నర మీటర్లు. ఇంకా రెండు మీటర్లకు పైగా మిగిలింది. దాన్ని మూలలో ఉండలా చుట్టి పెట్టే బదులు వంపును లోతు చేయండి. 25 సెంటీమీటర్లు దిగితే ఒక్కో వంపుకు 89 సెంటీమీటర్లు, మొత్తం 8.9 మీటర్లు. కట్లు వేసే చోట్ల పోయేది పోగా సెట్టు దాదాపు పూర్తిగా ఖర్చవుతుంది, తోరణం కూడా నిండుగా కనిపిస్తుంది.

చుట్టడంలోనే చాలామంది దెబ్బతింటారు. పైపు చదరం 5 సెంటీమీటర్లు కాబట్టి దాని చుట్టుకొలత 20. గుండ్రటి పైపైతే వ్యాసాన్ని 3.14తో గుణించండి. మెలికకూ మెలికకూ మధ్య కూడా 20 సెంటీమీటర్లే వదిలితే, 20 సెంటీమీటర్లు ముందుకు పోవడానికి 28 సెంటీమీటర్ల వైరు కావాలి. అంటే రెయిలింగ్ పొడవును 1.4తో గుణించాలి. 7 మీటర్లకు 35 మెలికలు, 9.9 మీటర్లు. కాగితం మీద సెట్టు పొడవు కూడా 9.9. సరిపోయిందనిపిస్తుంది. సరిపోదు. వైరు పైపుకు అంటుకుని ఉండదు. వంగే చోటల్లా కాస్త ఉబ్బుతుంది, మూలల దగ్గర అదనంగా తింటుంది. ఐదు నుంచి ఏడు శాతం కలిపి చూసుకుంటే పదిన్నర మీటర్లవుతుంది. చివరి బల్బు కుడి పక్క రెయిలింగ్ మధ్యలో ఆగిపోతుంది. మిగిలిన నలభై సెంటీమీటర్ల చీకటి కోసం ఇంకో సెట్టు కొనడం ఇక్కడే జరుగుతుంది.

కొనక్కర్లేదు. మెలికల ఎడాన్ని 25 సెంటీమీటర్లకు పెంచండి. ఒక్కో మెలికకు 32 సెంటీమీటర్ల వైరు, మొత్తం 28 మెలికలు, 9 మీటర్లు. ఉబ్బు కలుపుకున్నా తొమ్మిదిన్నర. ఒకే సెట్టులో ఒదిగిపోతుంది, వీధిలోంచి చూసేవారికి ఆ ఐదు సెంటీమీటర్ల తేడా తెలియదు. సెట్ల సంఖ్యను పెంచే ముందు ఎడాన్ని మార్చి చూడటమే మా మొదటి సలహా. 15 సెంటీమీటర్ల దట్టమైన మెలికలే కావాలనుకుంటే మాత్రం పొడవు 1.67 రెట్లవుతుంది. అప్పుడు మొహమాటపడకుండా రెండు సెట్లు లెక్కలో వేసుకోండి.

లెక్కలంటే విసుగైతే పురికొస చాలు. మీటరు పొడవు రెయిలింగ్ మీద మీకు నచ్చినట్టు పురికొస చుట్టండి, విప్పి కొలవండి, రెయిలింగ్ పొడవుతో గుణించండి. పైన చెప్పిన ఉబ్బు కూడా దాంట్లోనే వచ్చేస్తుంది కాబట్టి సూత్రాలకన్నా ఇదే నిక్కచ్చి.

చుట్టేటప్పుడు ఒక మెళకువ ఉంది. ముందు రెండు మూలల దగ్గర, ముందువైపు నడుమ దారం ముక్క కట్టి గుర్తు పెట్టండి. సగం గుర్తుకు చేరేసరికి యాభయ్యో బల్బు చేతిలో ఉండాలి. అరవయ్యోది ఉంటే ఎడం తగ్గిపోతోందని అర్థం, అక్కడే సరిదిద్దుకోవచ్చు. చివరికొచ్చాక తెలిస్తే అంతా విప్పాల్సిందే. పొడవు ఎక్కువైందని సెట్టు వైరు మాత్రం కత్తిరించకండి. లోపల బల్బులు గుంపులు గుంపులుగా ఒకదాని వెనక ఒకటి కలిపి ఉంటాయి. కొన్ని తీసేస్తే ఆ గుంపులో మిగిలినవి ఆరిపోతాయి, లేదంటే ఎక్కువ కరెంటు తగిలి ఒక్కొక్కటే మాడిపోతాయి. పైగా తెగిన కొస తేమకు తెరుచుకుంటుంది.

పైకప్పు నుంచి తెర వేస్తే

తెరలా కిందికి దిగే కర్టెన్ సెట్లు వెడల్పు లెక్కన దొరుకుతాయి కాబట్టి ఇక్కడ మెలికల్లాంటి సర్దుబాటు కుదరదు. ముందువైపు 4.2 మీటర్లు. మూడు మీటర్ల వెడల్పుది ఒకటి వేస్తే 1.2 మీటర్లు ఖాళీ. రెండు వేస్తే 1.8 మీటర్లు ఎక్కువ, మడతపెట్టి దాచాలి. రెండు మీటర్ల వెడల్పువి రెండు తీసుకుంటే నాలుగు మీటర్లు నిండుతుంది, రెండు కొసల్లో పది పది సెంటీమీటర్లే మిగులుతుంది. ఎవరి కంటా పడదు.

కిందికి వేలాడే జారుల పొడవు కూడా చూడండి. పైకప్పు నుంచి రెయిలింగ్ పై పైపు దాకా ఉన్నది 1.65 మీటర్లు. ఒకటిన్నర మీటర్ల జారులైతే రెయిలింగ్ పైన 15 సెంటీమీటర్ల ఖాళీ వదిలి ఆగుతాయి. మూడు మీటర్లవి తీసుకుంటే నేల మీద పడి కాళ్లకు చుట్టుకుంటాయి, గాలికి రెయిలింగ్ ఊచల్లో చిక్కుకుంటాయి. ముడులు పడ్డ తెర మళ్లీ విప్పడం ఎవరికీ సరదా కాదు.

ఇప్పుడు వైరు దారి. తెర ఎడమ పైమూలలో మొదలవుతుంది. అక్కడి నుంచి పక్క అంచు వెంట 1.4 మీటర్లు వెనక్కి, గోడ వెంట 90 సెంటీమీటర్లు, కిందికి 1.5 మీటర్లు, ప్లగ్ దగ్గర వంపుకు 20 సెంటీమీటర్లు. మొత్తం సరిగ్గా నాలుగు మీటర్లు. మూడు మీటర్ల ఖాళీ వైరుంటే గోడ మీదే గాల్లో ఆగిపోతుంది. ఐదు మీటర్లది చూసి కొనండి, లేదా రెండు మీటర్ల బయటి వాడకపు ఎక్స్‌టెన్షన్ లెక్కలో చేర్చండి. రెండో తెరకు విడిగా ప్లగ్ ఉంటే ఆ దారి ఆరు మీటర్లు. అందుకే ఇక్కడ రెండు తెరలూ ఒకదాని కొసకు ఇంకోటి తగిలించే రకమే తీసుకోవాలి. విడి ప్లగ్‌లున్న రెండు తెరలు కొంటే తెర వెనక ఇంకో వైరు అడ్డంగా పోతుంది, ప్లగ్ దగ్గర ఇంకో రంధ్రం నిండుతుంది.

కొసకు కొస కలపడం ఎంతదాకా?

కొసలో ఇంకో సెట్టు తగిలించే కనెక్టర్ ఉంటే ఎన్నైనా కలపొచ్చనుకోవడం పొరపాటు. అడాప్టర్‌తో వచ్చే తక్కువ వోల్టేజీ సెట్లలో హద్దు అడాప్టర్ మీదే రాసి ఉంటుంది. ఉదాహరణకు అడాప్టర్ ఇచ్చేది 24 వోల్టులు, 0.5 ఆంపియర్లు అని ఉంటే రెండింటినీ గుణించండి: 12 వాట్లు. ఒక్కో సెట్టు 5 వాట్లయితే రెండు సెట్లకు 10, సరిపోతుంది. మూడోది కలిపితే 15. అప్పుడు అడాప్టర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది, లేదా తనను తాను కాపాడుకోవడానికి ఆగి వెలుగుతూ అన్ని దీపాలనూ మిణుకుమనిపిస్తుంది. అలాంటి మిణుకు కనిపిస్తే బల్బుల్లో తప్పు వెతక్కండి, ఆఖరి సెట్టు ఊడదీసి చూడండి.

హద్దు లోపలే ఉన్నా పొడవైన వరసలో చివరి బల్బులు మొదటివాటికన్నా మందంగా కనిపించవచ్చు. సన్నటి వైరులో దారి పొడవునా కొంత వోల్టేజీ పోతుంది. తెల్లటి రంగులో ఇది ముందు బయటపడుతుంది. అడాప్టర్ పక్క బల్బునూ ఆఖరి బల్బునూ పక్కపక్కన పట్టుకుని చూస్తే చాలు. తేడా కనిపిస్తే ఒకే పొడవాటి వరస బదులు రెండు పొట్టి వరసలు చేసుకోవడం మేలు.

నేరుగా గోడ కరెంటుతో నడిచే సెట్లకు డబ్బా మీద ఎన్ని కలపొచ్చో అంకె ఉంటుంది. ఎల్‌ఈడీ కాని పాత ఫిలమెంట్ బుల్లి బల్బుల్లో 100 బల్బుల సెట్టే సుమారు 40 వాట్లు లాగుతుంది కాబట్టి వాటి హద్దు చాలా చిన్నది. ఎల్‌ఈడీనీ ఫిలమెంట్‌నీ ఒకే వరసలో కలపొద్దు. కనెక్టర్లు అమరినా సరే, వేర్వేరు కంపెనీలవీ కలపొద్దు. అడాప్టర్ వోల్టేజీ వేరైతే ఒకటి అసలు వెలగదు, లేదా మాడిపోతుంది. ఒకే మోడల్ సెట్టు ఒకటి అదనంగా కొని దాచుకోవడం మాత్రం దండగ కాదు. తర్వాత ఎప్పుడో ఒకటి చెడితే అదే కనెక్టర్ ఉన్నది దొరక్కపోవచ్చు.

ప్లగ్ పాయింట్లు: లోడు కాదు, చోటే సమస్య

లోడు సంగతి చూద్దాం. రెయిలింగ్‌కు 5 వాట్ల సెట్టు ఒకటి, 8 వాట్ల తెరలు రెండు. మొత్తం 21 వాట్లు. 230 వోల్టుల కరెంటుంటే ఆంపియర్‌లో పదో వంతు కూడా కాదు. 120 వోల్టుల దగ్గరైనా 0.18 ఆంపియర్లే. ఇంతకు ఐదు రెట్లు పెట్టినా ఒక్క ప్లగ్ పాయింట్ తట్టుకుంటుంది. ఎల్‌ఈడీ అలంకరణకు ప్లగ్ పాయింట్లను లోడు చూసి లెక్కపెట్టడం అనవసరం.

లెక్కపెట్టాల్సింది అడాప్టర్లను. మన బాల్కనీకి రెండు: రెయిలింగ్‌ది ఒకటి, తెరలది ఒకటి. అడాప్టర్ లావుగా ఉండి పక్క రంధ్రాన్ని మూసేస్తుంది కాబట్టి మామూలు మూడు రంధ్రాల బోర్డులో రెండు అడాప్టర్లు పడతాయన్న హామీ లేదు. రంధ్రాల మధ్య ఎడం ఎక్కువున్న బోర్డు చూడండి. టైమర్ కూడా ఇంతే. జంట సాకెట్‌లో ఒకదానికి పెడితే రెండోదాని మీదికి వచ్చి కూర్చుంటుంది. గోడ నుంచి వరస ఇలా ఉండాలి: ప్లగ్ పాయింట్, దానికి టైమర్, టైమర్‌కి బోర్డు, బోర్డుకి అడాప్టర్లు. ఒక ఎక్స్‌టెన్షన్‌కి ఇంకో ఎక్స్‌టెన్షన్ తగిలించి గొలుసు చేయకండి. ప్రతి కూడలీ వదులయ్యే చోటు, తడిసే చోటు.

తడి గురించి ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. దీపాల మీద ఐపీ44 అని ఉంటే నీటి తుంపర్లకు ఫర్వాలేదని అర్థం. ఐపీ20 అంటే నీటి నుంచి రక్షణే లేదు, ఇంట్లోనే వాడాలి. డబ్బా ముందు వైపు పెద్దగా ఐపీ44 అని ఉంటుంది, కానీ అడాప్టర్ వెనక చిన్న అక్షరాల్లో ఐపీ20 అని ఉండొచ్చు. దీపాలు వానకు తట్టుకుంటాయి, అడాప్టర్ తట్టుకోదు. కాబట్టి రెండు చోట్లా చదవండి. అడాప్టర్, టైమర్, బోర్డు మూడింట్లో ఏ ఒక్కటి ఐపీ20 అయినా వాటిని ఇంటి లోపలికి మార్చి, సన్నటి తక్కువ వోల్టేజీ వైరు మాత్రమే బయటికి పోయేలా చేయండి. వైరు తలుపు సందులోంచి పోతే తలుపు మూసినప్పుడు నలగకుండా చూసుకోవాలి. రోజూ నలిగే చోట పైతొడుగు లోపల రాగి తెగుతుంది, పైకి మాత్రం ఏమీ కనిపించదు. దీపాలు తలుపు తీస్తే వెలిగి మూస్తే ఆరుతుంటే తప్పు అక్కడే.

బయటి ప్లగ్ పాయింట్‌కి లీకేజీ వస్తే ట్రిప్పయ్యే రక్షణ ఉందో లేదో ముందే చూడండి. 30 మిల్లీ ఆంపియర్లు లేదా అంతకన్నా తక్కువకే తెంచేసే ఆర్‌సీడీ అది. దాని మీది టెస్ట్ బటన్ నొక్కితే కరెంటు పోవాలి. వాన పడ్డప్పుడే ట్రిప్పవుతుంటే సెట్లన్నీ తీసి ఒక్కొక్కటే తగిలించండి. ఏది తగిలించగానే పోతుందో ఆ సెట్టు కూడళ్లలో నీరు చేరింది. అక్కడ ఎలక్ట్రిక్ టేపు చుట్టి సరిపెట్టొద్దు. టేపు లోపలి నీటిని బయటికి పోనివ్వదు.

టైమర్లు: వేళలను లెక్కపెట్టండి

మూడు సెట్లున్నాయి కాబట్టి మూడు టైమర్లు కావాలనుకోనక్కర్లేదు. ఒకే వేళకు వెలిగి ఒకే వేళకు ఆరేవన్నీ ఒక్క టైమర్ కిందికి వస్తాయి. మన బాల్కనీలో తెరలూ రెయిలింగూ కలిసి సాయంత్రం ఆరున్నరకు వెలిగి రాత్రి పదకొండుకు ఆరిపోతే టైమర్ ఒకటే, బోర్డుకు ముందు. తెర పదింటికే ఆరిపోయి రెయిలింగ్ తెల్లవార్లూ ఉండాలంటే రెండు, బోర్డుకు తర్వాత, ఒక్కో అడాప్టర్‌కి ఒకటి. అప్పుడు బోర్డులో చోటు ఇంకా ఎక్కువ కావాలి. ఇలా రెండు వేళలు నిజంగా అవసరమా అని ఒకసారి అడిగి చూసుకోండి. చాలా ఇళ్లలో అక్కర్లేదు.

ఏ రకం అన్నదానికి వస్తే, తిప్పుడు చక్రం చుట్టూ పళ్లుండే టైమర్ అందరికీ అర్థమవుతుంది. 48 పళ్లుంటే ఒక్కోటి అరగంట, 96 ఉంటే పావుగంట. దాని బలహీనత కరెంటు పోవడం. రెండు గంటలు కరెంటు పోతే చక్రం కూడా రెండు గంటలు నిలిచిపోతుంది, మళ్లీ సరిచేసేదాకా రోజూ దీపాలు రెండు గంటలు ఆలస్యంగా వెలుగుతాయి. పక్కన చిన్న మీట ఉంటుంది. అది ఎప్పుడూ వెలిగే వైపు ఉంటే పళ్లెలా పెట్టినా ఆరదు. టైమర్ చెడిపోయిందని పారేసేముందు ఆ మీట చూడండి.

లోపల చిన్న బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ కరెంటు పోయినా వేళ మరిచిపోదు. సెట్ చేయడం కాస్త చికాకు. ఒక తిరకాసుంది: చాలా మోడల్స్‌లో ఆన్ నుంచి ఆటోకి మార్చితే తర్వాతి ఆఫ్ వేళ దాకా వెలుగుతూనే ఉంటుంది. పనిచేయట్లేదని మళ్లీ మళ్లీ నొక్కి గందరగోళం చేసుకుంటారు. ముందు ఆఫ్‌కి, అక్కడి నుంచి ఆటోకి తేవడం మంచిది. వెలుతురును బట్టి వెలిగే సెన్సర్ టైమర్‌కి రోజూ మారే సూర్యాస్తమయంతో పేచీ లేదు. కానీ మీ దీపాల వెలుగే దాని కంట పడితే తెల్లారిందనుకుని ఆర్పేస్తుంది, చీకటి కాగానే మళ్లీ వెలిగిస్తుంది. దాన్ని దీపాలకు వీపు చేసి, బయటికి చూసేలా పెట్టాలి. స్మార్ట్ ప్లగ్‌కి వైఫై బాల్కనీ దాకా అందాలి. తగిలించాక తలుపు మూసి ఫోన్‌తో ఒకసారి ఆర్పి వెలిగించి చూడండి, తలుపు తెరిచి కాదు. ఒకే వేళ, ఒకే ప్లగ్ పాయింట్ ఉన్న బాల్కనీకి మేమైతే డిజిటల్ టైమర్‌కే ఓటు వేస్తాం.

ఇవన్నీ సరిగ్గా పెట్టినా దెబ్బకొట్టేది కంట్రోలర్ డబ్బా. ఎనిమిది రకాలుగా మిణుకుమనే బటన్ ఉన్న చిన్న డబ్బా ఉంటుంది కదా, అది. మీరు నిలకడగా వెలిగే పద్ధతి ఎంచుకుంటారు. మర్నాడు టైమర్ కరెంటు ఇవ్వగానే అది మొదటి పద్ధతికి వెళ్లిపోయి, రాత్రంతా ఒకదాని తర్వాత ఒకటి అన్ని రకాలుగా మెరుస్తుంది. రిమోట్ ఉన్న కొన్ని సెట్లయితే కరెంటు వచ్చినా రిమోట్ నొక్కేదాకా వెలగనే వెలగవు. అలాంటి సెట్టు ముందు ఎంత మంచి టైమర్ పెట్టినా ఉపయోగం లేదు. కాబట్టి కట్టేముందే పరీక్షించండి: నిలకడ పద్ధతిలో పెట్టి, ప్లగ్ తీసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టండి. వదిలిన చోటే మొదలైతే టైమర్‌కి పనికొస్తుంది. డబ్బా మీద మెమరీ ఫంక్షన్ అని ఉన్నవి కొంటే ఈ బాధ తక్కువ.

స్విచ్ ఆర్పాక కూడా బల్బులు బూడిద కప్పిన నిప్పులా లేతగా మెరుస్తుంటే, ఆ దారిలో ఎక్కడో ఎర్ర లైటున్న స్విచ్ బోర్డు ఉందేమో చూడండి. ఆ సూచిక దీపం గుండా పోయే అతి చిన్న కరెంటు ఎల్‌ఈడీలను కాస్త వెలిగిస్తుంది. ఆ బోర్డు మార్చి సూచిక లేనిది పెడితే పోతుంది.

బ్యాటరీతో నడిచే సెట్లకు విడిగా టైమర్ అక్కర్లేదు. చాలావాటిలో ఆరు గంటలు వెలిగి పద్దెనిమిది గంటలు ఆరే ఏర్పాటు లోపలే ఉంటుంది. బటన్ నొక్కిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది కాబట్టి మొదటిసారి సాయంత్రం వెలగాల్సిన వేళకే నొక్కాలి. మూడు కుండీలకు మూడు సెట్లు చుడితే మూడూ ఒకే నిమిషంలో నొక్కండి. బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుందో సుమారుగా కట్టొచ్చు: సెల్లు 2000 మిల్లీ ఆంపియర్ గంటలు ఇస్తూ, సెట్టు 80 మిల్లీ ఆంపియర్లు లాగితే 25 గంటలు, అంటే రోజుకు ఆరు గంటల చొప్పున నాలుగు సాయంత్రాలు. కుండీ పక్కకే ప్లగ్ వైరు అందుతుంటే బ్యాటరీ జోలికి పోకండి. అసలు ప్లగ్ పాయింట్ లేని బాల్కనీకే అది సరైన దారి.

మన బాల్కనీకి చివరగా తేలిన చీటీ ఇది: 100 బల్బుల 10 మీటర్ల సెట్టు ఒకటి, రెండు మీటర్ల వెడల్పూ ఒకటిన్నర మీటర్ల జారూ ఉండి కొసకు కొస కలిసే తెరలు రెండు, వాటిలో మొదటిదానికి ఐదు మీటర్ల ఖాళీ వైరు, ఎడంగా రంధ్రాలున్న బయటి వాడకపు బోర్డు ఒకటి, డిజిటల్ టైమర్ ఒకటి. అన్నీ పెట్టాక రెండు రాత్రులు చూడండి. మొదటి రాత్రి టైమర్ ఆర్పడం, రెండో రాత్రి అదంతటదే నిలకడగా వెలగడం. రెండోది చూడకుండా కట్లు గట్టిగా బిగించకండి.